ఒకే ప్రాంప్టులో పొసగని ఆదేశాలు

సిస్టమ్ ప్రాంప్ట్ అంటే చాట్‌బాట్‌ను నడిపే సంస్థ దానికి ముందుగానే రాసి ఇచ్చే ఆదేశాల పాఠం. బ్యాంకు యాప్‌లోనో ఆస్పత్రి వెబ్‌సైట్‌లోనో ఎవరైనా ఒక ప్రశ్న టైపు చేస్తే, భాషా మోడల్‌కు ఆ ప్రశ్న ఒక్కటే చేరదు. దానికంటే ముందు ఈ పాఠమంతా చేరుతుంది. నువ్వు ఫలానా సంస్థ తరఫున మాట్లాడుతున్నావు, ఇవి చెప్పవచ్చు, ఇవి చెప్పకూడదు, ఫలానా సందర్భంలో మనిషికి అప్పగించాలి అని అందులో ఉంటుంది. వాడేవారికి అది కనిపించదు. చాలా సంస్థలు దాన్ని బయటపెట్టవు. ఆంత్రోపిక్ సంస్థ మాత్రం తన క్లాడ్ యాప్‌లలో వాడే సిస్టమ్ ప్రాంప్టులను 2024 ఆగస్టు నుంచి ప్రచురిస్తోంది. వాటిని తెరిచి చూస్తే ఇలాంటి పాఠాలు నాలుగైదు వాక్యాలతో ఆగవనీ, పేజీల కొద్దీ సాగుతాయనీ తెలుస్తుంది.

ఇంత పొడవైన పాఠం ఒక్క రోజులో పుట్టదు. మొదట ఒక ఇంజినీరు పది వాక్యాలు రాస్తాడు. బాట్ ఎవరికో వైద్య సలహా ఇచ్చిందని న్యాయవిభాగం ఒక నిషేధం చేర్పిస్తుంది. జవాబులు మరీ ముక్తసరిగా ఉన్నాయని కస్టమర్ సర్వీసు వాళ్లు మరో వాక్యం చేర్పిస్తారు. ఖర్చు పెరుగుతోందని ఇంకొకరు ‘జవాబు మూడు వాక్యాలు దాటకూడదు’ అంటారు. ప్రతి వాక్యమూ ఏదో ఒక నిజమైన ఫిర్యాదుకు సమాధానంగానే వస్తుంది. కొత్త వాక్యం చేర్చేవారు ఆ ఫిర్యాదునే చూస్తారు గానీ పాత పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదవరు. ఆరు నెలలు గడిచేసరికి ఒకే పాఠంలో ‘వివరంగా చెప్పు’, ‘క్లుప్తంగా చెప్పు’ అనే రెండూ నలభై వాక్యాల ఎడంలో ఉంటాయి.

మామూలు కంప్యూటర్ ప్రోగ్రాములో ఒకదానికొకటి పొసగని రెండు నిబంధనలు ఉన్నా ఫలితం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఏ నిబంధన ముందు అమలవుతుందో ప్రోగ్రాములోనే తేలిపోతుంది కాబట్టి తప్పు చేసినా ప్రతిసారీ అదే తప్పు చేస్తుంది. భాషా మోడల్ దగ్గర అలాంటి క్రమం లేదు. అది పాఠమంతటినీ ఒకేసారి పరిగణించి, తర్వాత రావలసిన పదానికి సంభావ్యతలు లెక్కగట్టి, వాటి ప్రకారం ఒక పదాన్ని ఎంచుకుంటుంది. రెండు ఆదేశాలు రెండు దిక్కులకు లాగితే రెండు రకాల జవాబులకూ దాదాపు సమానమైన అవకాశం ఏర్పడుతుంది. అప్పుడు వాడేవారి ప్రశ్నలో ఒక పదం మారినా, సంభాషణ కొంచెం పొడవైనా, ఎంపికలో ఉండే యాదృచ్ఛికత వల్లనైనా తూకం ఒక వైపుకు ఒరుగుతుంది. ఎక్కడా ఎర్రర్ సందేశం రాదు. ఏ జవాబైనా సాఫీగా, నమ్మకంగానే వస్తుంది. అందుకే ఈ లోపం చాలాకాలం లోపంలా కనిపించదు. ‘ఈ బాట్ కొంచెం తిక్కది’ అనే పేరు మాత్రం మిగులుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సంస్థ చెప్పినదానికీ వాడేవారు అడిగినదానికీ మధ్య విరోధం వస్తే సంస్థ మాటకే ఎక్కువ విలువ ఇచ్చేలా మోడళ్లకు శిక్షణ ఇస్తున్నారు. ఆదేశాలకు ఇలాంటి అంతస్తులు ఉండాలని ప్రతిపాదిస్తూ ఓపెన్‌ఏఐ పరిశోధకులు 2024లో ఒక పత్రం వెలువరించారు. అయితే రెండు ఆదేశాలూ ఒకే సిస్టమ్ ప్రాంప్టులో ఉన్నప్పుడు ఈ అంతస్తులు పనికిరావు, ఎందుకంటే రెండింటి హోదా ఒకటే. కొన్ని మోడళ్లకు మాత్రం ఒక మొగ్గు ఉంటుంది. జీపీటీ-4.1 మోడల్ కోసం ఓపెన్‌ఏఐ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, విరుద్ధమైన ఆదేశాలు ఎదురైతే ఆ మోడల్ పాఠం చివరికి దగ్గరగా ఉన్నదాన్ని పాటించే ధోరణి చూపుతుంది. ఇది ధోరణి మాత్రమే, నియమం కాదు. వేరే మోడల్‌కు మారితే అదీ ఉండకపోవచ్చు.

రెండు వాక్యాలు ముఖాముఖి ఎదురుపడే విరోధాలు నిజానికి అరుదు. ఎక్కువగా ఉండేవి విడివిడిగా చదివితే రెండూ సబబుగానే తోచి, ఒక ప్రత్యేక సందర్భంలో మాత్రమే ఢీకొనేవి. ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో జీపీటీ-5తో పాటు విడుదల చేసిన మార్గదర్శకంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. అందులో ఇచ్చిన ప్రాంప్టు కేర్‌ఫ్లో అసిస్టెంట్ అనే సహాయకుడిది. ఒక వైద్యసేవల సంస్థకు రోగుల అపాయింట్‌మెంట్లు చూసే పని దానిది. విరోధం ఎలా ఉంటుందో చూపించడానికే ఆ ప్రాంప్టును రాశారు. అయినా నిజమైన ప్రాంప్టుల్లో కనిపించే దాదాపు ప్రతి మెలికా అందులో ఉంది. దాన్ని కాస్త తీరిగ్గా విప్పి చూడవచ్చు.

ఆ ప్రాంప్టు మొదట్లోనే, ఏ పని చేయడానికైనా ముందు ఎల్లప్పుడూ రోగి వివరాలు వెతికి, ఆ వ్యక్తి ఇప్పటికే తమ రోగి అవునో కాదో నిర్ధారించుకోవాలని ఉంటుంది. తర్వాత లక్షణాల తీవ్రతను నాలుగు రంగులుగా విభజిస్తుంది. ఎరుపైతే 2 గంటల్లోపు, నారింజ అయితే 24 గంటల్లోపు, పసుపైతే 3 రోజుల్లో, ఆకుపచ్చ అయితే 7 రోజుల్లో డాక్టరును చూడాలి. లక్షణాలు అత్యవసరంగా కనిపిస్తే, అపాయింట్‌మెంట్ పని మొదలుపెట్టకముందే, వెంటనే 911కు ఫోన్ చేయమని రోగికి చెప్పాలి. ఇంకొంచెం కిందికి వెళ్తే, రోగి స్పష్టమైన సమ్మతి రికార్డులో లేకుండా ఎన్నడూ అపాయింట్‌మెంట్ వేయకూడదని ఉంటుంది. మరికొంత కింద, ఎరుపు, నారింజ కేసుల్లో ముప్పు తగ్గించడానికి మొట్టమొదటి చర్యగా, రోగిని సంప్రదించకుండానే, ఆ రోజే దొరికే మొదటి ఖాళీని కేటాయించాలని రాసి ఉంటుంది.

సమ్మతి విషయంలోని విరోధం చదవగానే పట్టుబడుతుంది. సమ్మతి లేకుండా ఎన్నడూ వేయకూడదు, కానీ రోగిని అడగకుండానే వేయాలి. రెండో విరోధం అంత సులువుగా కనిపించదు. ‘ముందు రోగి వివరాలు వెతుకు’ అనేది మంచి అలవాటు. ‘ముందు 911 చెప్పు’ అనేది ప్రాణం కాపాడే మాట. ఛాతీనొప్పితో, ఊపిరి అందక ఒక కొత్త మనిషి సందేశం పెట్టినప్పుడే ఈ రెండూ ఢీకొంటాయి. బాట్ మొదటి నియమాన్ని పట్టుకుంటే పుట్టిన తేదీ, ఇన్సూరెన్స్ నంబరు అడుగుతూ కూర్చుంటుంది. రెండోదాన్ని పట్టుకుంటే సరైన మాట చెబుతుంది. ఏది పట్టుకుంటుందో ముందే చెప్పలేం. మార్గదర్శకం ఎత్తిచూపిన విరోధాలు ఈ రెండే.

ఇంకా జాగ్రత్తగా చదివితే మరికొన్ని బయటపడతాయి. సమ్మతి ఉందో లేదో తెలియకపోతే ఒక ఖాళీని తాత్కాలికంగా పట్టి ఉంచి, తర్వాత రోగి నిర్ధారణ కోరాలని అందులో మరో వాక్యం ఉంది. తాత్కాలికంగా పట్టి ఉంచడం కూడా అపాయింట్‌మెంట్ వేయడం కిందికే వస్తుందా? వస్తే అది సమ్మతి నియమాన్ని ఉల్లంఘిస్తుంది, రాకపోతే ఉల్లంఘించదు. ఆ మాటకు నిర్వచనం లేకపోవడంతో మోడల్ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా అర్థం చేసుకునే వీలుంది. నారింజ కేసుకు గడువు 24 గంటలు. కానీ ఖాళీ మాత్రం ఆ రోజుదే ఉండాలి. సాయంత్రం ఆరింటికి వచ్చిన సందేశానికి మర్నాడు ఉదయం తొమ్మిది గంటల ఖాళీ 24 గంటల్లోపే ఉంటుంది. అయినా ఆ రోజుది కాదు. ఇలాంటి విరోధం రోజంతా నిద్రపోయి సాయంత్రం మాత్రమే లేస్తుంది. పగలు చేసిన పరీక్షలన్నీ దాన్ని దాటిపోతాయి.

మొదట చేయవలసిన పని గురించి ఆ చిన్న పాఠంలో మూడు వేర్వేరు ఆదేశాలు ఉండటం గమనించదగ్గది. ఒకటి ‘ఏ పనికైనా ముందు’ అంటుంది, ఇంకొకటి ‘అపాయింట్‌మెంట్ పనికి ముందే, వెంటనే’ అంటుంది, మూడోది ‘మొట్టమొదటి చర్యగా’ అంటుంది. మొదటి స్థానం ఒక్కటే కాబట్టి, అలాంటి మూడు మాటలు ఒకచోట చేరితే కనీసం రెండు విరోధాలు పొంచి ఉన్నాయని వేరే ఆలోచన లేకుండానే చెప్పవచ్చు. ప్రాంప్టును చదవడం మొదలుపెట్టేటప్పుడు ముందుగా గీత గీయవలసిన మాటలు ఇవే: ఎల్లప్పుడూ, ఎన్నడూ, ముందుగా, వెంటనే, అన్ని సందర్భాల్లో. వీటిలో దేనికీ అవధి ఉండదు. అవధి లేని రెండు నియమాలు ఎక్కడో ఒకచోట తప్పక కలుసుకుంటాయి.

అలా చదవడానికీ ఒక పద్ధతి కావాలి. అరవై నియమాలున్న ప్రాంప్టులో ప్రతి నియమాన్నీ మిగతా అన్నింటితో పోల్చాలంటే 1,770 జతలు చూడాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు, అవసరమూ లేదు. ప్రతి నియమాన్నీ పాఠంలోంచి విడదీసి ఒక్కో వరుసలో రాసి, పక్కన మూడు విషయాలు నింపితే చాలు: అది ఎప్పుడు వర్తిస్తుంది, అప్పుడు ఏం చేయమంటుంది, ఎంత గట్టిగా చెబుతుంది. తర్వాత ఆ వరుసలను ‘ఎప్పుడు’ అన్నదాని ప్రకారం గుంపులు చేయాలి. సంభాషణ మొదట్లో వర్తించేవి ఒకచోట, డబ్బు వాపసు అడిగినప్పటివి ఒకచోట, సమాచారం దొరకనప్పటివి ఇంకోచోట చేరతాయి. ఒకే క్షణంలో వర్తించే ఆరేడు నియమాలు పక్కపక్కన కనబడితే వాటిలో పొసగనివేవో దాదాపు అప్పుడే తెలిసిపోతుంది. ప్రాంప్టులో అవి పేజీల ఎడంలో ఉండటమే అంతవరకు వాటిని దాచి ఉంచింది.

ఈ పట్టికలోకి ఆదేశ వాక్యాలు మాత్రమే ఎక్కిస్తే సగం పనే అవుతుంది. ప్రాంప్టులో ఇచ్చే నమూనా సంభాషణలు కూడా మోడల్ దృష్టిలో ఆదేశాలే, తరచు అవే బలమైనవి కూడా. ‘జవాబు మూడు వాక్యాలు దాటకూడదు’ అని రాసి, కింద ఇచ్చిన నమూనా జవాబు పది వాక్యాలుంటే, మోడల్ నమూనా వైపు మొగ్గడం తరచు జరుగుతుంది. బాట్ వాడుకునే పరికరాల వర్ణనల్లోనూ నియమాలు దాగి ఉంటాయి. ఆర్డర్ వివరాలు తెచ్చే పరికరం వర్ణనలో ‘ఆర్డర్ ప్రస్తావన వస్తే దీన్ని తప్పక వాడాలి’ అని ఒకరు రాసి ఉంటారు. ప్రాంప్టులో మాత్రం ‘వినియోగదారు ఎవరో నిర్ధారించుకునే దాకా ఏ వివరమూ తేకూడదు’ అని ఇంకొకరు రాసి ఉంటారు. వినియోగదారు స్థాయిని బట్టి, రోజును బట్టి ప్రోగ్రాము అప్పటికప్పుడు చొప్పించే వాక్యాలు వీటికి అదనం. అవి ప్రాంప్టు ఫైల్లో కనిపించనే కనిపించవు. కాబట్టి పరిశీలించవలసింది ఫైల్లో ఉన్న పాఠాన్ని కాదు, అన్నీ కలిశాక నిజంగా మోడల్‌కు చేరిన పాఠాన్ని. దాన్ని లాగ్‌లోంచి తీసి చదవాలి.

భాషకు సంబంధించిన నియమాల్లో వచ్చే విరోధాలు తెలుగులో మాట్లాడేవారికి ప్రత్యేకంగా ఎదురవుతాయి. ఒక బస్సు టికెట్ల బాట్ ప్రాంప్టులో ‘వినియోగదారు ఏ భాషలో రాస్తే అదే భాషలో జవాబివ్వాలి’ అని ఉందనుకుందాం. అదే ప్రాంప్టులో ‘రద్దు నిబంధనలను కింద ఇచ్చిన పాఠం నుంచి ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాలి’ అనీ ఉంది. ఆ పాఠం ఇంగ్లిషులో ఉంది. ఇంగ్లిషులో అడిగినవారి దగ్గర ఈ రెండు నియమాలకూ ఎప్పటికీ పేచీ రాదు. ‘టికెట్ క్యాన్సిల్ చేస్తే డబ్బులు ఎంత వెనక్కి వస్తాయి’ అని తెలుగులో అడిగిన మనిషి దగ్గరే వస్తుంది. ఒకసారి మొత్తం తెలుగులో అనువదించి చెబుతుంది, ఒకసారి ఇంగ్లిషు పాఠం యథాతథంగా అతికిస్తుంది, ఒకసారి సగం సగం కలుపుతుంది. అనువదించినప్పుడు ‘బయల్దేరే సమయానికి 12 గంటల ముందు’ అన్నది ‘12 గంటలలోపు’గా మారినా ఆశ్చర్యం లేదు. అలా మారితే అర్థం తలకిందులై ఆ మనిషి డబ్బు పోతుంది. తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసేవారి విషయంలో మూడో చిక్కు ఉంది. ‘అదే భాష’ అంటే లిపి కూడా అదేనా అన్నది నియమం చెప్పదు. పరీక్షలన్నీ ఇంగ్లిషులోనే నడిపే బృందానికి ఈ లోపాల్లో ఒక్కటీ కనిపించదు.

అనుమానం వచ్చిన జతను నిర్ధారించుకోవడానికి రెండు నియమాలనూ ఒకేసారి తాకే సందేశం తయారుచేయాలి. దాని పక్కనే ఒక్కో నియమాన్ని విడిగా తాకే సందేశాలు కూడా ఉండాలి. కేర్‌ఫ్లో విషయంలో ఇది సులువే. ‘నేను మీ దగ్గరికి ఇదివరకు రాలేదు, అరగంట నుంచి ఛాతీలో బరువుగా ఉంది, ఎడమ చెయ్యి లాగుతోంది’ అన్న సందేశం రెండింటినీ తాకుతుంది. ‘నేను మీ దగ్గరికి ఇదివరకు రాలేదు, చర్మం మీద దురద ఉంది’ అన్నది వివరాలు వెతికే నియమాన్ని మాత్రమే తాకుతుంది. రోగి వివరాలు అప్పటికే తెరిచి ఉన్న సంభాషణలో ఛాతీనొప్పి ప్రస్తావన వస్తే అది అత్యవసర నియమాన్ని మాత్రమే తాకుతుంది. విడి సందేశాలకు ప్రతిసారీ సరైన జవాబు వస్తూ, ఉమ్మడి సందేశానికి మాత్రం జవాబు ఊగిసలాడుతుంటే తప్పు ఆ జతలోనే ఉంది. విడి సందేశాలకు కూడా తప్పుతుంటే అది విరోధం కాదు. ఆ నియమం అర్థం కాకపోవడమో, మోడల్‌కు శక్తి చాలకపోవడమో కారణం అయి ఉంటుంది. దానికి మందు వేరు.

ప్రతి సందేశాన్నీ ఎన్నిసార్లు పంపాలన్నది ఇక్కడ ముఖ్యం. పదిసార్లలో ఒకసారి తప్పే బాట్‌ను మూడుసార్లు పరీక్షిస్తే, ఒక్క తప్పూ కనబడకుండా బయటపడే అవకాశం 73 శాతం. ఇరవైసార్లు పరీక్షిస్తే అది 12 శాతానికి, ముప్పైసార్లకు దాదాపు 4 శాతానికి తగ్గుతుంది. మూడుసార్లు చూసి ‘బాగానే ఉంది’ అనుకోవడం వల్లే ఈ లోపాలు జనం చేతుల్లోకి వెళ్తున్నాయి. ప్రతిసారీ ఒకే మాటలు వాడకుండా, అదే విషయాన్ని వేర్వేరు మాటల్లో అడిగితే ఇంకా మంచిది. నిజమైన మనుషులు అడిగేది అలాగే కదా. యాదృచ్ఛికతను అదుపుచేసే టెంపరేచర్‌ను సున్నాకు తగ్గించి, జవాబు స్థిరపడిందని కొందరు సంతోషిస్తారు. దానివల్ల ఒకే మాటలకు దాదాపు ఒకే జవాబు వస్తుందేమో గానీ, విరోధం అలాగే ఉంటుంది. ఒక పదం మారగానే జవాబు అటునుంచి ఇటు దూకుతుంది. ఊగిసలాట కనబడకుండా పోవడంతో పట్టుకోవడమే కష్టమవుతుంది.

ఏ జత కారణమో చదివి తెలుసుకోలేనప్పుడు ఇంకో దారి ఉంది. ప్రాంప్టులోంచి ఒక్కో నియమాన్ని తాత్కాలికంగా తీసేసి అవే సందేశాలు మళ్లీ పంపాలి. ఒక వాక్యం తీసేయగానే ఊగిసలాట ఆగిపోతే ఆ వాక్యం జతలో ఒకటి. వాక్యాల క్రమం మార్చి చూడటం కూడా పనికొస్తుంది. క్రమం మారితే జవాబు మారుతోందంటే రెండు నియమాలు సమ ఉజ్జీగా పోటీ పడుతున్నాయని అర్థం. 2025 జులైలో ఎక్స్‌ఏఐ సంస్థకు చెందిన గ్రోక్ చాట్‌బాట్ ఎక్స్ వేదిక మీద విద్వేషపూరితమైన జవాబులు ఇచ్చినప్పుడు సంస్థ ఇదే పని చేసింది. వాక్యాలను తీసి చూసే ప్రయోగాలతో కారణమైన ఆదేశాలను గుర్తించినట్టు ప్రకటించింది. ఉన్నదున్నట్టు చెప్పాలనీ, కొందరు నొచ్చుకున్నా జంకవద్దనీ, పోస్టులోని ధోరణిని జవాబులోనూ ప్రతిబింబించాలనీ చెప్పే వాక్యాలు కొన్ని సందర్భాల్లో బాట్ తన మూల విలువలను పక్కనపెట్టేలా చేశాయని వివరించింది. ఆ వాక్యాల్లో ఏదీ ‘విలువలు వదిలెయ్’ అని చెప్పలేదు. కొన్ని రకాల పోస్టుల ముందు మాత్రమే అవి ఆ పని చేశాయి.

విరోధం దొరికాక దాన్ని తీర్చే దారుల్లో అన్నిటికంటే తేలికైనదీ, చాలామంది మరచిపోయేదీ తీసేయడం. పాత ఫిర్యాదు కోసం చేర్చిన వాక్యం ఇప్పుడు అవసరమే కాకపోవచ్చు. రెండూ అవసరమైతే వాటి హద్దులు గీయాలి. ‘క్లుప్తంగా’, ‘వివరంగా’ అనేవి ‘టికెట్ స్థితి అడిగితే ఒక్క వాక్యం, రద్దు నిబంధనలు అడిగితే పూర్తి వివరం’ అని రాస్తే పొసగుతాయి. హద్దులు గీసినా కొన్ని సందర్భాల్లో రెండూ వర్తిస్తే ఏది పైదో చెప్పాలి. ‘భద్రత అన్నిటికంటే ముఖ్యం’ లాంటి మాటలతో పని జరగదు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది భద్రతకు సంబంధించినదా కాదా అన్నది మళ్లీ మోడలే ఊహించాల్సి వస్తుంది. మినహాయింపును ఆ నియమం పక్కనే, అదే వాక్యంలో పెట్టాలి.

కేర్‌ఫ్లో ప్రాంప్టుకు మార్గదర్శకం సూచించిన సవరణలు అలాంటివే. అత్యవసరమైతే రోగి వివరాలు వెతకవద్దనీ, నేరుగా 911 సూచనకు వెళ్లాలనీ ఒక మాట చేర్చారు. తీవ్రమైన కేసుల్లో ఖాళీ కేటాయించడాన్ని రోగిని సంప్రదించిన తర్వాతకు మార్చారు. మిగిలిన మెలికలు కూడా విప్పితే ఆ భాగం ఇలా ఉంటుంది: ‘ముందుగా లక్షణాలు చూడు. ప్రాణాపాయం సూచించేవైతే వివరాలు వెతకకుండా, వేరే ప్రశ్న అడగకుండా 911కు ఫోన్ చేయమని చెప్పు. కాకపోతే రోగి వివరాలు వెతుకు. కేసు ఎరుపైతే 2 గంటల్లోపు, నారింజ అయితే 24 గంటల్లోపు, అవసరమైతే మర్నాటిదైనా, దొరికే మొదటి ఖాళీని పట్టి ఉంచి, దాని గురించి రోగికి చెప్పి సమ్మతి అడుగు. పట్టి ఉంచడం అపాయింట్‌మెంట్ కాదు. సమ్మతి నమోదయ్యాకే అపాయింట్‌మెంట్ వెయ్యి.’ పాత పాఠంలో మూడుచోట్ల చెదిరి ఉన్న ‘మొదటి’ పనులు ఇందులో ఒకే వరుసలోకి వచ్చాయి. ‘ఎన్నడూ’ అన్న మాట లేకపోయినా సమ్మతి నియమం ముందుకంటే గట్టిగా నిలిచింది.

వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో రాయడం, ‘అత్యంత ముఖ్యం’ అని తగిలించడం చాలామందికి అలవాటు. అది ఒక నియమాన్ని బలపరుస్తుంది, నిజమే. అయితే ఆ బలం ఆ ఒక్క సందర్భానికి పరిమితం కాదు. ‘రోగి వివరాలు తప్పక వెతకాలి’ అన్నదాన్ని పెద్దక్షరాలు చేస్తే అది ఛాతీనొప్పి సమయంలోనూ బలపడుతుంది. కొన్నాళ్లకు అత్యవసర నియమాన్ని కూడా పెద్దక్షరాలు చేయాల్సి వస్తుంది. అప్పుడు రెండూ మళ్లీ సమ ఉజ్జీలు అవుతాయి.

కొన్ని విరోధాలు ఎంత చక్కగా రాసినా తీరవు, ఎందుకంటే అవి సంస్థ మనసులోనే ఉంటాయి. స్పృహ తప్పేలా ఉన్న రోగి సమ్మతి కోసం ఆగాలా, ఆగకుండా ఖాళీ కేటాయించాలా అన్నది ప్రాంప్టు రాసే ఇంజినీరు తేల్చగలిగే ప్రశ్న కాదు. అది వైద్యులూ న్యాయవిభాగమూ కూర్చుని నిర్ణయించాల్సిన సంగతి. వాళ్లు తేల్చేదాకా ఎవరు ఏ మాట రాసినా సంస్థ తరఫున మోడల్ రోజుకోలా నిర్ణయిస్తుంటుంది. పేరు లేకుండా జరిగే ఆ నిర్ణయమే ఈ మొత్తం వ్యవహారంలో ప్రమాదకరమైన భాగం. అందుకే నియమాల పట్టికలో ప్రతి వరుస పక్కన ఆ నియమాన్ని ఎవరు, ఎందుకు, ఎప్పుడు చేర్పించారో రాసుకోవడం అవసరం. అది మోడల్‌కు ఇవ్వనక్కరలేదు. రెండు నియమాలు ఢీకొన్నప్పుడు ఎవరిని పిలవాలో తెలియడానికి అది కావాలి.

సవరించాక పాత ఉమ్మడి సందేశాలూ విడి సందేశాలూ అన్నీ మళ్లీ అన్నిసార్లూ పంపి చూడాలి. ఒక జతను తీర్చిన వాక్యం ఇంకో నియమంతో కొత్త జత కట్టడం తరచు జరుగుతుంది. ఉదాహరణకు, ‘ప్రాణాపాయమైతే వేరే ప్రశ్న అడగకు’ అన్న కొత్త మాట ‘రోగి ఏ ఊళ్లో ఉన్నారో అడిగి దగ్గరి ఆస్పత్రి చెప్పు’ అన్న పాత నియమానికి అడ్డుపడవచ్చు. ఈ సందేశాల కట్టను దాచుకుని, ప్రాంప్టులో ఒక్క వాక్యం మారినా మళ్లీ నడపాలి. విరోధాలు వెతికే పనిని మరో మోడల్‌కు అప్పగించే ఉపకరణాలు కూడా వచ్చాయి. ముఖాముఖి విరోధాలను అవి బాగానే పడతాయి. సాయంత్రం ఆరింటికి మాత్రమే లేచే విరోధాలను పట్టడానికి మాత్రం ఆ పని రోజూ చూసే మనిషి కావాలి.

ప్రాంప్టులో అక్షరం కూడా మారకపోయినా విరోధాలు కొత్తగా లేచే సందర్భం ఒకటుంది. అది మోడల్ మారినప్పుడు. ఆదేశాలను అంత నిక్కచ్చిగా పట్టించుకోని పాత మోడల్ రెండు నియమాల్లో ఒకదాన్ని నిశ్శబ్దంగా వదిలేసి ఉండవచ్చు. దానివల్ల ఫలితం స్థిరంగా కనిపించి ఉంటుంది. ప్రతి ఆదేశాన్నీ శ్రద్ధగా పాటించే కొత్త మోడల్ రెండింటినీ నెరవేర్చే దారి కోసం వెతుకుతుంది. జీపీటీ-5 విషయంలో ఓపెన్‌ఏఐ చెప్పింది ఇదే. విరుద్ధమైన ఆదేశాలుంటే ఆ మోడల్ ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు సాగకుండా, రెండింటినీ పొసగించే ప్రయత్నంలో తన ఆలోచనను ఖర్చు చేస్తుందనీ, అందువల్ల ఇతర మోడళ్లకంటే దానికే ఎక్కువ నష్టమనీ ఆ మార్గదర్శకం హెచ్చరిస్తుంది. ప్రోగ్రాములు రాయడంలో సాయపడే కర్సర్ ఎడిటర్ అనుభవం కూడా అందులో ఉంది. సమాచారాన్ని క్షుణ్ణంగా సేకరించమని గట్టిగా చెప్పే వాక్యాలు పాత మోడళ్లతో బాగా పనిచేశాయి. జీపీటీ-5 మాత్రం వాటిని అక్షరాలా పట్టుకుని చిన్న పనులకు కూడా పదే పదే వెతకసాగింది. కర్సర్ బృందం ఆ వాక్యాల గొంతు తగ్గించి రాశాక, ఎప్పుడు వెతకాలో ఎప్పుడు తనకు తెలిసినదానితో సరిపెట్టుకోవాలో ఆ మోడల్ మెరుగ్గా నిర్ణయించుకోగలిగింది.